పట్టీల బిల్లులో రాయని సంగతులు

"వెండి పట్టీలు ఒక జత, 100 గ్రాములు. మజూరీ లేదు." మన ఊళ్లలో వెండి కొన్నప్పుడు ఇచ్చే చాలా బిల్లుల మీద ఉండేది ఇంతే. కొనేవాళ్లకు ఇది నచ్చుతుంది కూడా. పేపర్లో చూసిన వెండి రేటును వందతో గుణిస్తే బిల్లు సరిపోతుంది, పైన ఏమీ వేయలేదని సంతోషం. నాలుగేళ్లు పోయాక గజ్జెలు రాలి, కొక్కెం తెగి, మార్చుకుందామని అదే షాపుకు తీసుకెళ్తారు. "మా దగ్గర కొన్నవే కాబట్టి బరువులో 65 శాతానికి ఇవాళ్టి రేటు కడతామమ్మా" అంటాడు షాపాయన. 35 శాతం కోసేశాడని ఆవిడ గొడవకు దిగుతుంది. నిజానికి అతను ఆ పూట కోసిందేమీ లేదు. ఆ 35 శాతం వెండి కొన్న రోజే ఆ పట్టీల్లో లేదు.

వెండి వ్యాపారులు ఈ పాళ్లను టంచ్ అంటారు. 65 టంచ్ అంటే నూరు గ్రాముల సరుకులో 65 గ్రాములు వెండి, మిగతాది రాగి, కాస్త జింకు. పట్టీలు, మెట్టెలు, మొలతాళ్ల వ్యాపారం చాలాకాలంగా ఈ టంచ్ లెక్కల మీదే నడుస్తోంది. హోల్‌సేల్‌లో కొనే షాపువాడికి ఏ పెట్టెలో ఏ టంచ్ ఉందో తెలుసు. కౌంటర్ దాటి బయటికొచ్చేసరికి ఆ అంకె మాయమై, "వెండి" అన్న ఒక్క మాట మిగులుతుంది.

లెక్క తేలిగ్గా ఉండటానికి మేలిమి వెండి గ్రాము 100 రూపాయలు అనుకుందాం. పై బిల్లు ప్రకారం ఆవిడ ఇచ్చింది 10,000. చేతికొచ్చిన వెండి 65 గ్రాములు, అంటే 6,500 రూపాయల సరుకు. మిగతా 3,500 మజూరీ, లాభం, కలిపిన రాగి ఖరీదు. "మజూరీ లేదు" అన్న మాట వెనక ఉన్న మజూరీ ఇదన్నమాట. పక్క షాపులో 925 వెండి పట్టీలు, అదే 100 గ్రాములు, లోహానికి 9,250, మజూరీ గ్రాముకు 20 చొప్పున 2,000, మొత్తం 11,250 అన్నారనుకోండి. చూడటానికి ఇది ఖరీదైన బేరం. కానీ మొదటి షాపులో ఒక్కో గ్రాము అసలు వెండికి దాదాపు 154 రూపాయలు పడింది, రెండో షాపులో 122 కన్నా తక్కువే. మజూరీ అంతే ఉంటే, రేటు పెరిగితే ఈ తేడా పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. జీఎస్టీ 3 శాతం రెండు చోట్లా ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

రాగి కలపడమే మోసం అనుకోకూడదు. మేలిమి వెండి మెత్తన. దానితో సన్నటి కొక్కెం చేస్తే వారంలో సాగిపోతుంది. నూటికి ఏడున్నర పాళ్లు రాగి కలిపితే చాలు, నగకు కావలసినంత గట్టిదనం వస్తుంది. ప్రపంచమంతా స్టెర్లింగ్ అని పిలిచే 925 వెండి అదే. వెయ్యి పాళ్లలో 925 వెండి కాబట్టి ఆ పేరు, మన షాపుల్లో 92.5 అన్నా అదే. పట్టీల విషయంలో ఇంకో చిక్కుంది. ప్రతి గజ్జె, ప్రతి లంకె అతుకు మీదే నిలబడుతుంది. అతుకు వేసే టంకం లంకె కన్నా ముందు కరగాలి కాబట్టి అందులో వెండి పాలు తక్కువ పెడతారు. అందుకే 925 తీగతో చేసినా, అతుకులు బాగా ఎక్కువున్న పట్టీని మొత్తంగా కరిగిస్తే అంకె కాస్త దిగే అవకాశం ఉంటుంది. దిగడం వేరు, 92 నుంచి 65కు పడిపోవడం వేరు. రెండోదానికి టంకం కారణం కాదు. సరుకు ధర తగ్గించాలనే ఆ రాగి కలుపుతారు. తక్కువ ధరకు కావాలనుకునేవాళ్లకు 65 టంచ్ పట్టీలు అమ్మడంలో తప్పేమీ లేదు, బిల్లు మీద 65 అని రాస్తే.

ఇక అంకె ఉన్న సరుకు సంగతి. పట్టీ కొక్కెం దగ్గర భూతద్దం పెట్టి చూస్తే 925 అనో 92.5 అనో చిన్న ముద్ర కనిపిస్తుంది. చాలామంది దీన్నే హాల్‌మార్క్ అనుకుంటారు, అమ్మేవాళ్లు కూడా ఆ అపోహను చెడగొట్టరు. ఆ అంకెను కొట్టే ఉక్కు అచ్చు ఎవరైనా చేయించుకోవచ్చు. అది తయారుచేసినవాడి మాట మాత్రమే. నిజం కావచ్చు, కాకపోవచ్చు. హాల్‌మార్క్ అంటే బీఐఎస్ గుర్తింపు ఉన్న కేంద్రంలో సరుకును పరీక్షించాక లేజర్‌తో వేసే గుర్తు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ బంగారంలాగే హెచ్‌యూఐడీ పద్ధతి వచ్చింది. నగ మీద బీఐఎస్ గుర్తు, సిల్వర్ అన్న మాట, స్వచ్ఛత అంకె, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల కోడ్ ఉంటాయి. కొత్త ప్రమాణంలో 800 నుంచి 999 దాకా ఏడు తరగతులున్నాయి. అందులో 958, 999 కొత్తగా చేరినవి. 65 టంచ్‌కు అందులో చోటు లేదు. అట్టడుగు తరగతే 800.

బంగారానికీ వెండికీ ఒక పెద్ద తేడా. దేశంలో చాలా జిల్లాల్లో బంగారు నగకు హాల్‌మార్క్ తప్పనిసరి. వెండికి మాత్రం ఈ కొత్త పద్ధతిని స్వచ్ఛందంగానే మొదలుపెట్టారు. కాబట్టి ముద్ర లేని వెండి అమ్మడం దానంతటదే నేరం కాదు. లేని ముద్రను ఉన్నట్టు చెప్పడం, దొంగ ముద్ర వేయడం నేరాలు. అమ్మేవాళ్లు "925 హాల్‌మార్క్" అని రాశారంటే ఆరు స్థానాల కోడ్ చూపించగలగాలి. చూపించలేకపోతే "925 ముద్ర ఉంది, బీఐఎస్ హాల్‌మార్క్ లేదు" అని రాయడమే సరైన వర్ణన. కొనేవాళ్లు ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ కోడ్ కొడితే నగల వ్యాపారి వివరాలు, పరీక్షించిన కేంద్రం, స్వచ్ఛత, ఏ రకం వస్తువు అన్నవి వస్తాయి. ఆ చివరి వివరాన్ని వదిలేయకండి. మీ చేతిలో ఉన్నవి పట్టీలు, తెర మీద వస్తున్నది ఉంగరం అయితే ఆ కోడ్ వేరే నగ నుంచి ఎత్తుకొచ్చిందే.

టంచ్ కన్నా ఎక్కువ గందరగోళం చేసేది పూత. ఎందుకంటే స్వచ్ఛత అంకె నగ ఒంట్లోని లోహానికి చెందింది, కంటికి కనిపించే రంగు పైపూతది. వర్ణనలో ఈ రెంటినీ ఒకే మాటలో ఇరికిస్తే ఏది దేని గురించో తెలియదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని వాట్సాప్ గ్రూపుల్లో నగలమ్మే మహిళలు చాలామంది ఉన్నారు. హోల్‌సేల్ వాళ్లు పంపిన ఫొటో కింద రాసిన మాటలనే వాళ్లూ కాపీ చేస్తారు. "సిల్వర్ జుంకీలు, ప్రీమియం ఫినిష్" అంటే అది 925 వెండా, వెండి రంగు ఇత్తడా అన్నది రాసినవాళ్లకే తెలియకపోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ మోసపుచ్చే పేరు జర్మన్ సిల్వర్. అందులో వెండి రవ్వంతైనా లేదు. రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం అది. గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే కుంకుమ భరిణెలు, పళ్లేలు, బుట్టలు చాలావరకు ఇవే. ధర చూసి గిఫ్టు కొనేవాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకున్నవాళ్లకు తెలియాలని లేదు. వాళ్లు దాన్ని బీరువాలో వెండి సామానుతో దాస్తారు, పదేళ్ల తర్వాత కరిగించడానికి తీసుకెళ్తారు. కొన్నిసార్లు దీని మీద సన్నగా వెండి పూత కూడా వేస్తారు. అప్పుడు "సిల్వర్ కోటెడ్" అన్నది అబద్ధం కాదు, కానీ "వెండి భరిణె" అంటే అబద్ధమే.

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది, దాని హద్దులు తెలిస్తే పనికొస్తుంది. 0.1 గ్రాము తేడా చూపించే చిన్న తూకం మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, తూకాన్ని సున్నాకు తేవాలి. వస్తువును దారానికి కట్టి, గ్లాసు అడుగుకు, అంచులకు తగలకుండా పూర్తిగా ముంచాలి. తూకం చూపించేది ఆ వస్తువు పక్కకు నెట్టిన నీటి బరువు. 100 గ్రాముల 925 వెండి అయితే 9.7 గ్రాముల దగ్గర ఆగుతుంది. అదే బరువున్న జర్మన్ సిల్వర్ 11.6 దగ్గరకు వెళ్తుంది. ఇంత తేడాను ఎవరైనా పట్టుకోవచ్చు. కానీ 65 టంచ్ పట్టీ 10.1 దగ్గర ఆగుతుంది. గజ్జెల్లో రెండు గాలి బుడగలు ఇరుక్కుంటే చాలు, అసలు 925 కూడా అదే అంకె చూపిస్తుంది. కాబట్టి ఈ పరీక్ష వెండి కానిదాన్ని పట్టిస్తుందే గానీ తక్కువ వెండిని నమ్మకంగా పట్టించదు. ఇక అయస్కాంతం పరీక్ష మరీ బలహీనం. రాగీ ఇత్తడీ కూడా అయస్కాంతానికి అంటుకోవు. అసలు వెండి గొలుసు కొక్కెంలోని ఉక్కు స్ప్రింగ్ మాత్రం అంటుకుని జనాన్ని భయపెడుతుంది.

అసలు వెండి మీద వేసే పూతల్లో ఎక్కువ కనిపించేది రోడియం. ప్లాటినం కుటుంబానికి చెందిన ఖరీదైన లోహం. మైక్రాన్‌లో కొన్ని పదో వంతుల మందమే వేస్తారు. అద్దంలా తెల్లగా మెరుస్తుంది, వెండిని నల్లబడనివ్వదు. చిక్కు అరిగిపోయాక వస్తుంది. ఉంగరంలో వేలికి రాసుకునే వైపు పూత ముందుగా పోయి, కింద ఉన్న వెండి కాస్త వెచ్చటి తెలుపుతో బయటపడుతుంది, ఆ తర్వాత నల్లబడటం మొదలవుతుంది. కొన్నవాళ్లు "మొదట బాగుండి తర్వాత నల్లబడింది, ఇది వెండి కాదు" అని తిరిగి పంపుతారు. నిజానికి అది వెండి కాబట్టే నల్లబడింది. గాలిలో, చెమటలో ఉండే గంధకం వెండితో కలిసి నల్లటి పొర ఏర్పడుతుంది. "925 వెండి, పైన రోడియం పూత, వాడకంలో పూత అరుగుతుంది" అని ముందే రాసి ఉంటే ఆ తగాదా పుట్టదు.

ఆ నలుపునే కావాలని తెప్పించిన నగలను ఆక్సిడైజ్డ్ అంటారు. రసాయనశాస్త్రం ప్రకారం ఆ పేరు తప్పే, ఏర్పడేది ఆక్సైడ్ కాదు, సల్ఫైడ్. కానీ పేరు స్థిరపడిపోయింది, దాన్నిప్పుడు ఎవరూ మార్చలేరు. గొడవ ఎక్కడంటే, బజార్లో రెండు మూడు వందలకు దొరికే ఆక్సిడైజ్డ్ జుంకీలు చాలావరకు ఇత్తడో మరో మిశ్రమమో. అదే పేరుతో 925 వెండి నగలూ అమ్ముతారు. ఆక్సిడైజ్డ్ అన్నది ముగింపు పేరు, లోహం పేరు కాదు. పక్కన లోహం రాయకపోతే ఆ మాటతో ఏమీ తెలియదు.

బంగారు పూత వేసిన వెండికి ఇప్పుడు మంచి గిరాకీ. టెంపుల్ జ్యువెలరీ పేరుతో వచ్చే హారాలు, జడబిళ్లలు, వంకీలు వెండితో చేసి బంగారు పూత వేసినవి ఉంటాయి. ఇక్కడ అడగాల్సింది మందం. ఒక సన్నటి గాజు తీసుకుందాం. లోపలా బయటా కలిపి 20 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. దానికి 2.5 మైక్రాన్ల మందం మేలిమి బంగారం పూత వేస్తే పట్టే బంగారం దాదాపు 0.1 గ్రాము. అమెరికా నియమాల్లో వెండి మీది బంగారాన్ని వర్మెయిల్ అని పిలవాలంటే కనీసం ఇంత మందం ఉండాలి. అందుకే అక్కడి తెలుగువాళ్లకు నగలు పంపే వ్యాపారులు ఆ మాట వాడేముందు ఆలోచించాలి. అదే గాజుకు 0.2 మైక్రాన్ల మెరుపు పూత వేస్తే పట్టేది 8 మిల్లీగ్రాములైనా ఉండదు. రెండూ షాపు లైట్ల కింద ఒకేలా ఉంటాయి. రోజూ వేసుకుంటే రెండోది నెలల్లోనే వెండి తెలుపు చూపిస్తుంది. మన దగ్గర వన్ గ్రామ్ గోల్డ్ అని అమ్మే నగల్లో ఒక గ్రాము బంగారం ఉండదని ఈ లెక్క చూస్తేనే అర్థమవుతుంది. వాటి అడుగున ఉండేది సాధారణంగా రాగి, ఇత్తడే.

పూత నుంచి బరువుకు వద్దాం. తూకం అబద్ధం చెప్పకపోయినా బిల్లు చెప్పగలదు. పట్టీల మీద రంగుల ఎనామెల్, మువ్వల్లో గలగలలాడే గుండ్లు, హారంలో రాళ్లు, పూసలు, గుచ్చిన దారం, బోలు నగ లోపల నింపిన లక్క, వీటన్నిటినీ కలిపి తూచి, ఆ మొత్తానికి వెండి రేటు కడితే అది లక్కను వెండి ధరకు అమ్మడమే. మొత్తం బరువు, అందులో వెండి కానిదాని బరువు, మిగిలిన నికర బరువు అని మూడు గడులు బిల్లులో ఉండాలి. నికర బరువు అన్నది కూడా మేలిమి వెండి బరువు కాదు. 59.3 గ్రాముల నికర బరువున్న 925 పట్టీల్లో మేలిమి వెండి 54.85 గ్రాములు.

ఇందుకు తలకిందులైన మోసం దేవుడి పటాల్లో కనిపిస్తుంది. "999 సిల్వర్" అని ఫ్రేము మీద పెద్దగా ఉంటుంది. అది నిజమే, పటం మీది రేకు మేలిమి వెండే. ఆ రేకు ఎన్ని గ్రాములో మాత్రం ఎక్కడా ఉండదు. చెక్కా గాజూ కలిపి కిలో బరువున్న పటంలో వెండి ఒకటి రెండు గ్రాములకు మించకపోవచ్చు.

తులం సంగతి కూడా తేల్చుకోవాలి. ఇప్పుడు మార్కెట్లో తులం అంటే 10 గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు, బ్రిటిష్ కాలపు వెండి రూపాయి బరువు సరిగ్గా అంతే. "అమ్మమ్మ ఇచ్చిన 20 తులాల కడియాలు" అంటే పాత లెక్కలో 233 గ్రాములు, కొత్త లెక్కలో 200. ఆ పాత రూపాయలతో గుచ్చిన దండలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి, పాత నగల పేరుతో అమ్మకానికీ వస్తున్నాయి. వాటిని వర్ణించేటప్పుడు నాణెం మీది సంవత్సరం చూడాలి. 1939 దాకా వచ్చిన రూపాయిలో వెండి 91.7 శాతం. యుద్ధకాలంలో, 1940 నుంచి, దాన్ని 50 శాతానికి దించారు. 1947 నాటి రూపాయి నికెల్‌దే. దండలో మూడు రకాలూ కలిసి ఉండొచ్చు. "పాత వెండి రూపాయల దండ" అని మొత్తానికి ఒకే రేటు కడితే ఎవరో ఒకరు నష్టపోవడం ఖాయం.

ఇవన్నీ కలిపి ఒక మంచి వర్ణన ఎలా ఉంటుందో రాసి చూపిస్తాను. "పట్టీలు, ఒక జత. లోహం 925 వెండి, బీఐఎస్ హాల్‌మార్క్, హెచ్‌యూఐడీ కోడ్ బిల్లులో ఉంది. మొత్తం బరువు 62.4 గ్రాములు, ఎనామెల్, రాళ్లు 3.1 గ్రాములు, నికర బరువు 59.3 గ్రాములు. పైన రోడియం పూత. మజూరీ విడిగా." ముద్ర లేని సరుకైతే: "పట్టీలు, ఒక జత. 65 టంచ్ వెండి, తయారీదారు చెప్పిన ప్రకారం. హాల్‌మార్క్ లేదు. నికర బరువు 100 గ్రాములు. పైన వెండి పాలిష్." వెండే కాని సరుకైతే: "జుంకీలు. లోహం ఇత్తడి, ఆక్సిడైజ్డ్ ముగింపు, వెండి లేదు." మూడో వాక్యం రాయడానికి చిన్న వ్యాపారులు జంకుతారని తెలుసు. కానీ 250 రూపాయల జుంకీలను వెండి అనుకుని కొనేవాళ్లు తక్కువ. వాళ్లకు కావలసింది డిజైన్. ఇత్తడి అని రాసినంత మాత్రాన ఆ గిరాకీ పోదు.

షాపులో మీ ఎదుటే మిషన్‌లో పెట్టి 92 చూపించారంటే? ఆ ఎక్స్‌రే మిషన్ చూసేది పైపొరనే. వెండి పూత వేసిన సరుకును అది మంచి వెండి అనొచ్చు. పూత లేకపోయినా, నగను కాల్చి ఆమ్లంలో శుభ్రం చేసినప్పుడు పైన ఉన్న రాగి కొంత కరిగిపోయి, చర్మం దగ్గర వెండి పాలు పెరుగుతుంది. అందుకే 70 టంచ్ సరుకు కూడా మెరుగు పెట్టిన కొత్తలో ఎక్కువ అంకె చూపించగలదు. కనపడని చోట చిన్న గీత గీసి, ఆ గీత మీద చదివించమనండి. కచ్చితంగా తేల్చాలంటే చిన్న ముక్క తీసి నైట్రిక్ ఆమ్లంలో కరిగించి చేసే పరీక్షే, అది హాల్‌మార్కింగ్ కేంద్రంలో జరుగుతుంది.

హాల్‌మార్క్ ఉన్న నగలో స్వచ్ఛత తగ్గిందని అక్కడ తేలితే 2018 నాటి బీఐఎస్ నియమాల ప్రకారం అమ్మినవాళ్లు పరిహారం ఇవ్వాలి. తగ్గిన స్వచ్ఛతకు, అమ్మిన బరువు మీద ఎంత తేడా వస్తుందో లెక్కగట్టి, దానికి రెట్టింపు, పైన పరీక్ష ఖర్చులు. 60 గ్రాముల పట్టీలు 925 అని అమ్మితే 850 తేలిందనుకోండి, తేడా నాలుగున్నర గ్రాముల వెండి, రావలసింది తొమ్మిది గ్రాముల ఖరీదు. ఈ లెక్క వేయడానికి బిల్లు మీద రెండు అంకెలు కావాలి, 925 ఒకటి, 60 ఇంకోటి. "వెండి పట్టీలు, ఒక జత" అన్న బిల్లు పట్టుకెళ్తే కేంద్రం వాళ్లు 850 అని కాగితం ఇవ్వగలరు గానీ, దాన్ని దేనిలోంచి తీసివేయాలో చెప్పలేరు.